అక్షరాలు మనవే, మాటలు వేరు: కుర్దిష్ మందు కవరు ఫోటోను అరబీలోకి మార్చడం

ఇరాక్ ఉత్తర భాగంలో ఉన్న కుర్దిస్తాన్ ప్రాంతానికి, ముఖ్యంగా ఎర్బిల్‌కు, తెలంగాణ జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి నుంచి ఇంటికి వాట్సాప్‌లో వచ్చే ఫోటోల్లో బోర్డులు, రసీదులు, మందు కవర్లు కనిపిస్తుంటాయి. రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. జీమ్, దాల్, సీన్, నూన్ అన్నీ కనిపిస్తాయి. దాంతో ఇంట్లోవాళ్లు "అరబీలో ఉంది, మౌల్వీ సాబ్‌కు చూపిద్దాం" అనుకుంటారు. మౌల్వీ సాబ్ అక్షరాలన్నీ కూడబలుక్కుని చదువుతారు గానీ అర్థం మాత్రం రాదు. తప్పు ఆయన అరబీది కాదు. ఆ రాత అరబీయే కాదు, కుర్దిష్.

ఇరాక్ 2005 రాజ్యాంగం నాలుగో అధికరణం ప్రకారం ఆ దేశానికి అరబీ, కుర్దిష్ రెండూ అధికార భాషలే. ఎర్బిల్, సులైమానియాల్లో వాడే కుర్దిష్‌ను సొరానీ అంటారు. దాన్ని అరబీ నుంచి వచ్చిన లిపిలోనే రాస్తారు. తుర్కియేలో మాట్లాడే కుర్మాంజీ అనే మరో రూపాన్ని ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లాంటి లాటిన్ లిపిలో రాస్తారు కాబట్టి దానితో ఈ తికమక లేదు. ఇక్కడ చెప్పేదంతా సొరానీ గురించే. అక్షరాల పేర్లు మన ఉర్దూ ఖాయిదాలో చదువుకున్నవే వాడుతున్నాను.

లిపి ఒకటే అయినా భాషల కుటుంబాలు వేరు. అరబీ సెమిటిక్ భాష, హీబ్రూకు చుట్టం. కుర్దిష్ ఇరానీ భాష, ఫార్సీకి చెల్లెలి వరస. అందుకే కుర్దిష్ మాటలు అరబీ వచ్చినవాళ్ల కంటే ఉర్దూ వచ్చినవాళ్లకే ఎక్కువ తెలిసినట్టు అనిపిస్తాయి. నమాజును వాళ్లు "న్వేఝ్" అంటారు, రోజాను "రోఝూ" అంటారు, ఆరోగ్యాన్ని మన తందురుస్తీలాగే "తెన్‌ద్రుస్తీ" అంటారు. ఈ చుట్టరికం సగం దూరం చేయి పట్టుకుని నడిపిస్తుంది, మిగతా సగంలో పడేస్తుంది. మందు కవరు విషయంలో ఆ పడటం ఎక్కడెక్కడ జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందు అది కుర్దిష్ అని గుర్తుపట్టడం

ఫోటో పెద్దది చేసి అక్షరాల మీద ఇంగ్లిష్ వి ఆకారంలో చిన్న గుర్తు ఉందేమో వెతకండి. అరబీలో, ఫార్సీలో, ఉర్దూలో ఆ గుర్తు ఉండదు. సొరానీలో అది నాలుగు చోట్ల వస్తుంది. వావ్ మీద వస్తే "ఓ", యే మీద వస్తే "ఏ" అని చదవాలి. లామ్ మీద వస్తే లావుగా పలికే "ల", అంటే "అల్లాహ్" అనేటప్పుడు మనం పలికే బరువైన లామ్ లాంటిది. రే కింద వస్తే గట్టిగా అదిరించే "ర". మన ఉర్దూ "ఱే"కు పైన చిన్న తోయ్ ఉంటుంది, వీళ్ల రేకు కింద వి ఉంటుంది. రెండూ ఒకటి అనుకోకూడదు.

రెండో గుర్తు, మాట మధ్యలో విడిగా నిలబడే చిన్న గుండ్రటి "హే". చూడటానికి అరబీ మాట చివర వచ్చే హే లాగే ఉంటుంది. కానీ కుర్దిష్‌లో అది హల్లు కాదు, అచ్చు. "అ"కూ "ఎ"కూ మధ్యలో పలుకుతుంది. ఈ వ్యాసంలో దాన్ని "ఎ" అనే రాస్తున్నాను. సొరానీ రాతలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే అక్షరాల్లో ఇదొకటి. దీన్ని "హ" అని చదివితే మాట మొత్తం పాడైపోతుంది. ఉదాహరణకు లామ్ పక్కన ఈ అక్షరం పెడితే అరబీ చదివేవాళ్లకు "లహు", అంటే "అతనికి" అని కనిపిస్తుంది. కుర్దిష్‌లో అది "లె". దాని అర్థం "నుంచి" లేదా "లో".

అరబీలో జబర్, జేర్, పేష్ రాయకుండా వదిలేస్తారు. కుర్దిష్‌లో అలా కాదు, అచ్చులకు అక్షరాలే ఉన్నాయి, రాస్తారు కూడా. ఈ విషయంలో అది మన తెలుగుకు దగ్గర, పలికినట్టే రాత. ఒక్క పొట్టి "ఇ" మాత్రం రాయరు. "మిందాల్" అనే మాటలో మీమ్‌కూ నూన్‌కూ మధ్య ఏమీ కనిపించదు.

అరబీ నుంచి వచ్చిన మాటల్ని కూడా వాళ్లు విన్నట్టే రాస్తారు. సె, జాల్, సాద్, జాద్, తోయ్, జోయ్ అనే ఆరు అక్షరాలు సొరానీలో వాడరు. "సబ్ర్" అనే మాటను సాద్‌తో కాకుండా సీన్‌తో రాస్తారు. రమజాన్‌కు జాద్ బదులు జే పెడతారు. మనం తెలుగులో రంజాన్ అని రాసేటప్పుడు అసలు అది ఏ "జ" అని పట్టించుకోం కదా, అలాగే. కాబట్టి అరబీలోకి మార్చేటప్పుడు ఇలాంటి మాటలకు అసలు స్పెల్లింగ్ తిరిగి ఇవ్వాలి, ఉన్నది ఉన్నట్టు దించకూడదు.

కవరు మీద ఏముంది?

ఎర్బిల్‌లో పనిచేసే ఒకతను అక్కడి మందుల షాపులో తీసుకున్న మాత్రలతో బాగ్దాద్‌కు పనికి మారాడనుకోండి. బాగ్దాద్‌లో డాక్టరుకు కుర్దిష్ రాకపోవచ్చు, అరబీ వస్తుంది. ఆ కవరు ఫోటోను అరబీలోకి మార్చి చూపించాలి. అక్కడి షాపుల కవర్ల మీద మామూలుగా ఉండే తరహా మాటలే తీసుకుందాం. మొదటి వరుసలో "దెర్మాన్‌ఖానె", దాని పక్కన "హెవ్‌లేర్" అని ఉంది. రెండో వరుస "రోఝీ సే జార్, హెర్ జారేక్ యెక్ హెబ్". మూడో వరుస "దివాయ్ నాన్‌ఖ్వార్దిన్". కింద చిన్న అక్షరాల్లో "దూర్ లె దెస్తీ మిందాల్ దాబిన్‌రేత్".

మొదటి వరుస తేలిక. దెర్మాన్ అంటే మందు. ఉర్దూ షాయరీ తెలిసినవాళ్లకు దర్మాన్ అన్న మాట పరిచయమే. ఖానె మన దవాఖానాలోని ఖానానే. కానీ తెలంగాణలో దవాఖానా అంటే ఆస్పత్రి, వీళ్ల దెర్మాన్‌ఖానె మాత్రం మందుల షాపు. వీళ్ల ఆస్పత్రి "నెఖోష్‌ఖానె", అంటే ఒంట్లో బాగాలేనివాళ్ల ఇల్లు. అరబీలో మందుల షాపును "సైదలియ్యా" అంటారు. దెర్మాన్‌ఖానెకూ సైదలియ్యాకూ పోలికే లేదు. పక్కనున్న "హెవ్‌లేర్" కొత్త ఊరేమీ కాదు, ఎర్బిల్‌కు కుర్దులు పెట్టుకున్న పేరు. అరబీలో "అర్బీల్" అని రాయాలి. హెవ్‌లేర్ అనే ఉంచేస్తే బాగ్దాద్‌లో కొందరికి వెంటనే తట్టకపోవచ్చు. షాపు సొంత పేరు ఉంటే దాన్ని మాత్రం మార్చకుండా అక్షరాలు దించుకోవాలి, అర్థం చెప్పకూడదు.

రెండో వరుసలోనే అసలు ప్రమాదం

"రోఝీ సే జార్" అంటే రోజుకు మూడుసార్లు. మూడే మాటలు, మూడింటిలోనూ ఉర్దూ వచ్చినవాళ్లు పొరబడే వీలుంది.

మొదటి మాట రే, వావ్, ఝే, యే. ఝే మీద మూడు చుక్కలుంటాయి. ఫోటో మసకగా ఉండి ఆ మూడు చుక్కలు ఒకటిగా కనిపిస్తే అది జే అయిపోతుంది. అప్పుడు "రోజీ", అంటే సంపాదన, బతుకుదెరువు. మందు కవరు మీద రోజీ గురించి ఎందుకుంటుంది అని అనుమానం రావాలి. రోఝ్ అంటే రోజు, చివరి యే వల్ల "రోజుకు" అనే అర్థం వచ్చింది.

రెండో మాట సీన్, యే. ఆ యే మీద వి గుర్తు ఉంది. కాబట్టి "సే", అంటే మూడు. ఆ గుర్తు కవరు మడతలో పోయిందనుకోండి, అప్పుడది "సీ" అవుతుంది. కుర్దిష్‌లో సీ అంటే ముప్ఫై! ఒక చిన్న వి గుర్తు మూడుకూ ముప్ఫైకీ మధ్య నిలబడి ఉంది. రోజుకు ముప్ఫైసార్లు మందు ఎవరూ వేసుకోరు కాబట్టి ఇక్కడ బయటపడిపోతుంది. కానీ ఎన్ని రోజులు వాడాలో రాసిన చోట మూడు, ముప్ఫై రెండూ నమ్మదగ్గవే. మూడు రోజులు వాడాల్సిన యాంటీబయాటిక్‌ను ముప్ఫై రోజులు అనుకోవడం చిన్న సంగతి కాదు. ఇక ఉర్దూ అలవాటున్న కంటికి అదే మాట "సే", అంటే "నుంచి" లాగా కనిపిస్తుంది. సొరానీలో బడీ యే వాడరని గుర్తుంచుకుంటే ఆ తొందర ఉండదు.

మూడో మాట జీమ్, అలిఫ్, రే. జార్ అంటే "సారి". అరబీ చదివినవాళ్లకు జార్ అంటే పొరుగువాడు. "మూడు పొరుగువాళ్లు" అని వస్తే నవ్వుకుని వదిలేస్తాం. అసలు ఇబ్బంది ఉర్దూవాళ్లకు. జీమ్ కడుపులో ఒక చుక్క, చే కడుపులో మూడు చుక్కలు. ఫోటోలో ఆ చుక్క అలుక్కుపోతే జార్ కాస్తా "చార్" అవుతుంది, అంటే నాలుగు. అప్పుడు "సే జార్" అన్నది "మూడు, నాలుగు" అని వినిపిస్తుంది. రోజుకు మూడు నాలుగుసార్లు అన్న మాట మన డాక్టర్లు కూడా అనేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈ వరుసలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే, ఎందుకంటే తప్పు అర్థం కూడా సబబుగానే ఉంది. దీన్ని తేల్చడానికి ఒక దారి ఉంది. కుర్దిష్‌లో నాలుగు "చ్వార్", అందులో చే తర్వాత వావ్ తప్పకుండా ఉంటుంది. వావ్ లేదంటే అది నాలుగు కాదు. చుక్క కనిపించకపోయినా వావ్ లేకపోవడం కనిపిస్తుంది కదా.

అదే వరుసలో కామా తర్వాత "హెర్ జారేక్" ఉంది. హెర్ మన "హర్", ప్రతి. జారేక్ చివరి "ఏక్" ఒకటి అని చెప్పే తోక. హర్ జారేక్ అంటే ప్రతిసారీ. అదే జార్ మాట ఇక్కడ మళ్లీ వచ్చింది కాబట్టి, పైన చుక్క సరిగా పడకపోతే ఇక్కడ పోల్చి చూసుకోవచ్చు. "యెక్" అంటే ఒకటి. "హెబ్" అన్నది బడీ హే, ఆ గుండ్రటి అచ్చు, బే. ఇది అరబీ మాటే, హబ్బ్, మాత్ర. అరబీలో అచ్చులు రాయరు కాబట్టి అవే హల్లులు "హుబ్బ్", అంటే ప్రేమ అని కూడా చదవొచ్చు. కుర్దిష్ రాతలో అచ్చు రాసి ఉండటంతో ఆ అనుమానమే లేదు. మొత్తం కవరు మీద అరబీ నుంచి వచ్చిన మాట ఇదొక్కటే.

దివాయ్ అంటే దవాయి కాదు

మూడో వరుస మొదటి మాట దాల్, వావ్, అలిఫ్, యే. ఉర్దూ వచ్చిన ఎవరైనా దాన్ని ఒక్క క్షణంలో "దవాయి" అని చదివేస్తారు. అరబీ వచ్చినవాళ్లు "దవా" అంటారు. మందు కవరు మీద మందు అనే మాట ఉండటం సహజమే కదా! అందుకే ఈ ఉచ్చులో పడటం అంత తేలిక. కుర్దిష్‌లో "దివా" అంటే "తర్వాత". చివరి యే ఇజాఫత్, మన ఉర్దూలో "దర్ద్-ఎ-దిల్" అన్నప్పుడు వచ్చే ఆ "ఎ" లాంటిదే. ఉర్దూలో దాన్ని తరచుగా జేర్‌తోనో, అదీ లేకుండానో వదిలేస్తారు, కుర్దిష్‌లో యే అక్షరంగా రాస్తారు.

పక్కన "నాన్‌ఖ్వార్దిన్". నాన్ అంటే రొట్టె, ఖ్వార్దిన్ అంటే తినడం, ఫార్సీ ఖుర్దన్. మాటకు మాట పెడితే "రొట్టె తినడం". ఇందాకటి తప్పు కూడా కలిస్తే "మందును రొట్టెతో తినాలి" అని తయారవుతుంది. నిజానికి నాన్‌ఖ్వార్దిన్ అంటే భోజనం చేయడం. మనం "అన్నం తిన్నావా?" అని అడిగినప్పుడు అవతలివాళ్లు చపాతీ తిన్నా "తిన్నాను" అనే చెబుతారు. అలాగే వాళ్లకు నాన్ అంటే భోజనం. కాబట్టి వరుస అర్థం "భోజనం తర్వాత".

దీనికి ఎదురు మాట "పేష్ నాన్‌ఖ్వార్దిన్", అంటే భోజనానికి ముందు. పేష్ ఉర్దూలోనూ ముందే కాబట్టి ఇది తెలిసిపోతుంది. పే అరబీలో లేని అక్షరం, మూడు చుక్కలు కింద. పేష్ కనిపిస్తే ముందు, దాల్‌తో మొదలైతే తర్వాత అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ తేడా ఎందుకంటే, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో మంట పెట్టకుండా తిన్న తర్వాత వేసుకోమంటారు. థైరాయిడ్‌కు ఇచ్చే థైరాక్సిన్ పరగడుపున వేసుకోవాలి, తిండితో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు.

చివరి వరుస భయపెట్టేలా ఉంటుంది గానీ నిజానికి మెత్తనిది. "దూర్" మన దూర్, "లె" అంటే నుంచి, "దెస్తీ" అంటే దస్త్, చేయి, దాని చివర మళ్లీ ఆ ఇజాఫత్ యే. "మిందాల్" అంటే పిల్లవాడు. మన కళ్లకు అది మండల్ లాగా కనిపించవచ్చు, ఎమ్మార్వో ఆఫీసుతో దానికి సంబంధం లేదు! చివరి లామ్ మీద వి గుర్తు ఉంటుంది చూడండి. "దాబిన్‌రేత్" అంటే "పెట్టాలి, ఉంచాలి" అని చెప్పే క్రియ. పిల్లల చేతికి అందకుండా ఉంచాలి అని మొత్తం మాట.

ఇప్పుడు అరబీలో

ఇక్కడ చాలామంది చేసే పని, కుర్దిష్ మాట కింద అరబీ మాట వరుసగా పేర్చుకుంటూ పోవడం. అలా చేస్తే "బఅద అక్లిల్ ఖుబ్జ్", అంటే ఖుబ్జ్ తిన్న తర్వాత అని వస్తుంది. అరబ్ డాక్టరు దాన్ని చదివి రోగికి రొట్టె మాత్రమే చెప్పారేమో అనుకుంటాడు. మాట కాకుండా, అరబ్ మందుల షాపువాళ్లు అదే సంగతిని ఎలా రాస్తారో అలా రాయాలి.

కాబట్టి రెండో వరుస "సలాస మర్రాతిన్ ఫిల్ యౌమ్, ఫీ కుల్లి మర్రతిన్ హబ్బతున్ వాహిదా" అవుతుంది. కుర్దిష్‌లో జార్ అనే మాట మూడు పక్కన ఏకవచనంగానే నిలిచింది, తెలుగులో "మూడు సారి" అన్నట్టు. అరబీలో అది కుదరదు, మర్రా బహువచనం మర్రాత్ కావాలి. కుర్దిష్‌లో "యెక్ హెబ్" అని సంఖ్య ముందు వచ్చింది, అరబీలో ఒకటి అనే మాట వెనక్కి పోతుంది, పైగా స్త్రీలింగంలోకి మారుతుంది. కుర్దిష్ సొరానీలో నామవాచకాలకు అలాంటి లింగభేదం లేదు కాబట్టి ఈ మార్పుకు ఫోటోలో ఏ సూచనా దొరకదు, అరబీ వ్యాకరణం నుంచే తెచ్చుకోవాలి.

మూడో వరుస "బఅదల్ అక్ల్". రెండే మాటలు. ఫోటోలో కనిపించని అలిఫ్ లామ్ ఇక్కడ వచ్చి చేరింది, గమనించండి. కుర్దిష్‌లో అరబీ లాంటి "అల్" లేదు. "ఫలానాది" అని చెప్పాలంటే మాట చివర "ఎకె" అనే తోక తగిలిస్తారు. ఒక పూర్తి పేజీలో మాటల మొదట్లో అలిఫ్ లామ్ దాదాపు కనిపించలేదంటే, వి గుర్తులు చూడకముందే అది అరబీ కాదని చెప్పేయొచ్చు.

చివరి వరుసకు అరబీ మందు డబ్బాల మీద స్థిరపడిన మాట ఉంది: "యుహ్‌ఫజు బయీదన్ అన్ ముతనావలిల్ అత్‌ఫాల్". కుర్దిష్‌లో "పిల్లవాడి చేయి" అని ఉంటే అరబీలో "పిల్లల అందుబాటు" అయింది. చేయి అనే మాటను యద్ అని దించినా అర్థమవుతుంది. దూర్, దస్త్ అనే రెండు మాటలూ ఉర్దూవాళ్లకు కళ్లముందే ఉన్నా, అరబీలోకి పోయేసరికి రెండూ మాయమయ్యాయి. లిపి ఒకటే అయినంత మాత్రాన మాట దాటదు అనడానికి ఈ వరుస చాలు.

మాట దాటే చోట కూడా వేషం మారుతుంది. కొన్ని కవర్ల మీద "హెర్ 8 సెఆత్ జారేక్" అని ఉంటుంది, ఎనిమిది గంటలకోసారి అని. సెఆత్ అరబీ "సాఅ", గంట. కుర్దిష్‌లో సీన్, గుండ్రటి అచ్చు, ఐన్, అలిఫ్, తే అని రాస్తారు. అరబీలో సీన్, అలిఫ్, ఐన్, చివర రెండు చుక్కల గుండ్రటి తే. ఆ గుండ్రటి తే సొరానీ రాతలో ఉండదు. అరబీలో మొత్తం "హబ్బతున్ కుల్ల సమాని సాఆత్" అవుతుంది.

అంకెలు, చేతిరాత, కీబోర్డు

అంకెల దగ్గర ఉర్దూ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. ఇరాక్‌లో కుర్దిష్‌కూ అరబీకీ ఒకే అంకెలు వాడతారు. 4, 5, 6, 7 రూపాలు మన ఉర్దూ పుస్తకాల్లోవాటికి వేరుగా ఉంటాయి. వాళ్ల 4 తిరగేసిన ఇంగ్లిష్ 3లా ఉంటుంది. వాళ్ల 5 చిన్న గుండ్రం, ఇంగ్లిష్ సున్నా అనుకునే ప్రమాదం ఉంది. వాళ్ల 6 ఇంగ్లిష్ 7ను పోలి ఉంటుంది, వాళ్ల 7 ఇంగ్లిష్ వి ఆకారం. వాళ్ల సున్నా ఒక చుక్క మాత్రమే. పిల్లల సిరప్ మీద ఎన్ని ఎంఎల్ అన్నది ఈ అంకెల్లోనే రాస్తారు కాబట్టి గుండ్రం కనిపిస్తే అది 5, చుక్క కనిపిస్తే అది సున్నా అని మనసులో పెట్టుకోవాలి. చెంచా అనే మాట "కెవ్‌చిక్", అరబీలో "మిల్అకా".

అచ్చు రాత ఉన్నచోట ఇదంతా పనిచేస్తుంది. చేత్తో రాసినచోట కష్టం. తొందరలో రాసేవాళ్లు మూడు చుక్కలను కలిపేసి చిన్న టోపీలా గీస్తారు, రెండు చుక్కలను అడ్డగీతగా గీస్తారు. టోపీ అంటే శిఖరం పైకి ఉంటుంది, వి గుర్తుకు మొన కిందికి ఉంటుంది. మసక ఫోటోలో ఆ తేడా పోతుంది. అప్పుడు అదే కవరును పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి, కెమెరాను నిటారుగా పట్టుకుని మళ్లీ తీయమని అడగడమే మంచిది. మొత్తం కవరుది ఒక ఫోటో, ఒక్కో వరుసది దగ్గరగా ఇంకో ఫోటో. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గి ముందు చుక్కలే పోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఫోటోలో చదివిన మాటను నిఘంటువులో వెతకాలంటే టైపు చేయాలి. అక్కడ ఇంకో చిక్కు. కంటికి ఒకటిగా కనిపించే అక్షరాలకు కంప్యూటర్‌లో వేరు వేరు నంబర్లుంటాయి. కుర్దిష్ గుండ్రటి అచ్చు నంబరు U+06D5, అరబీ హే U+0647, ఉర్దూ ఛోటీ హే U+06C1. కాఫ్ కూడా అంతే, అరబీది U+0643, కుర్దిష్‌లో, ఉర్దూలో వాడేది U+06A9. యే అరబీలో U+064A, మిగతా రెంటిలో U+06CC. ఉర్దూ కీబోర్డుతో "లె" అని కొడితే చూడటానికి బాగానే ఉంటుంది, వెతుకులాటలో మాత్రం ఏమీ దొరకదు. ఫోన్ సెట్టింగుల్లో సొరానీ కీబోర్డు జోడించుకుంటే వి గుర్తు అక్షరాలు కూడా దొరుకుతాయి. సొరానీకి భాషా సంకేతం ckb అని ఉంటుంది, ku అని ఒట్టిగా ఉన్నది చాలాచోట్ల కుర్మాంజీని చూపిస్తుంది. పాత కుర్దిష్ పేజీల్లో ఆ గుండ్రటి అచ్చును అరబీ హే తర్వాత కనిపించని విరామం U+200C పెట్టి తయారు చేసేవారు. అందుకే ఒక మాట ఒక రకంగా దొరక్కపోతే రెండో రకంగా కూడా వెతకాలి.

బాగ్దాద్ డాక్టరుకు చూపించేటప్పుడు అరబీ పాఠం ఒక్కటే కాదు, అసలు కవరు ఫోటో, మాత్రల స్ట్రిప్ వెనకవైపు ఫోటో కూడా పక్కన పెట్టాలి. స్ట్రిప్ మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములన్నది తరచుగా ఇంగ్లిష్‌లో ఉంటుంది, దానికి అనువాదం అక్కర్లేదు. కుర్దిష్‌లో సరిగా కనిపించని మాట ఉంటే ఊహించి నింపకుండా అరబీలో ఆ చోట "గైర్ వాజిహ్", అంటే "స్పష్టంగా లేదు" అని రాసి వదిలేయాలి. అది సే లేక సీ, జార్ లేక చార్ లాంటి చోటైతే మాత్రం ఎర్బిల్‌లోని ఆ మందుల షాపుకే ఫోన్ చేసి కనుక్కోవాలి. నంబరు కవరు మీద ఉందేమో చూడండి.